చంకలో సమావేశం

మా వీధిలో పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశం కాళ్లతో నడిచొస్తుంది. ఐదో తరగతి కుర్రాడు మినిట్స్ పుస్తకం చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడతాడు. "సారు సంతకం పెట్టమన్నారండీ" అంటాడు. అంతే, కోరం పూర్తి.

మొన్న మా ఆవిడ అట్లు వేస్తూ చదివింది. "నిధుల వినియోగంపై సుదీర్ఘంగా చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది." సుదీర్ఘ చర్చ అంటే ఇదీ: "పెన్ను రాయట్లేదు", "విదిలించండి", "అట్టు మాడుతోంది". పక్కింటావిడ గేదె పాలు పితుకుతూ ఆమోదించింది. ఎదురింటాయన స్నానాల గదిలోంచే ఏకగ్రీవమయ్యాడు. ఒక వేలిముద్రకు పిండి కూడా అంటింది. ఆడిట్‌లో దాన్ని స్త్రీల భాగస్వామ్యానికి ఆధారంగా చూపొచ్చు.

2009 విద్యాహక్కు చట్టం రాసినవాళ్లు మరీ అమాయకులు. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం స్త్రీలు కావాలని 21వ సెక్షన్‌లో రాశారు. బడి నడిచే తీరునూ, వచ్చిన గ్రాంటు ఖర్చునూ వీళ్లే చూడాలట, బడి అభివృద్ధి ప్రణాళికా వీళ్లే తయారు చేయాలట. పాపం, కుర్రాడి చంక ఎంత పనిమంతురాలో వాళ్లకు తెలియదు.

ఎప్పుడైనా నిజంగా సమావేశం పెట్టినా, పొద్దున పదకొండింటికి పెడతారు. కూలికి వెళ్లేవాళ్లు రారు. "వీళ్లకు పిల్లల చదువంటే పట్టదు" అని నిట్టూరుస్తారు.

ఒకసారి ఒక తల్లి ఆ రోజు కూలి వదులుకుని వచ్చింది. "ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళం ఎందుకండీ?" అని అడిగింది. "అది ఎజెండాలో లేదమ్మా, సంతకం పెట్టు" అన్నారు. ఆమె కూతురు సాయంత్రం దాకా ఓర్చుకోవాలని బడిలో మంచినీళ్లే తాగదు. పదేళ్ల పిల్ల దాహం ఎజెండాలో లేకపోతే ఇంకేం ఉందయ్యా అందులో? సున్నం బిల్లా?

పక్క ఊళ్లో ఒక టీచరమ్మ ఉంది, చాలా ప్రమాదకరమైన మనిషి. పనులు ముగిశాక ఏడింటికి సమావేశం పెడుతుంది. వచ్చిన గ్రాంటు, అయిన ఖర్చు బోర్డు మీద పెద్ద అంకెల్లో రాసి, చదవలేనివాళ్ల కోసం పైకి చదువుతుంది. ఒకసారి అందరినీ మరుగుదొడ్డి దగ్గరికే తీసుకెళ్లింది. పైపు పగిలి నీళ్లు రావట్లేదు, కంపు బయటికి రాకుండా తాళం వేశారు! వచ్చినవాళ్లలో ఒకాయన ప్లంబరు. పైపుకెంతవుతుందో ఆయనే లెక్క చెప్పాడు. డబ్బు ఏ పద్దులోంచి తీయాలి, ఎవరు కొనాలి, ఏ తేదీకల్లా కావాలి, అన్నీ అక్కడే రాసి, అందరికీ వినిపించాకే సంతకాలు తీసుకుంది. మరుసటి నెల మొదటి ప్రశ్న "పైపు వేశారా?" అన్నదే.

మా బడికి ఈ విషయం చెప్పాను. "అంత టైం ఎక్కడిదండీ, రికార్డులు రాసుకోవాలి" అన్నారు.

ఈ నెల సమావేశం ఇంకా మా ఇంటికి రాలేదు. కుర్రాడికి జ్వరమట.