కర్నూలు పేరు ఒక వైరస్‌కు అంటుకున్న ఆ నెల

2021 మే మొదటి వారంలో మా చిన్నాన్న కొడుకు నాకు ఫోన్ చేశాడు. వాడు వేరే రాష్ట్రంలో ఉద్యోగం చేస్తూ ఒక అద్దె గదిలో ఉండేవాడు. "అన్నా, ఇంటి ఓనరు గది ఖాళీ చేయమంటున్నాడు. మీది కర్నూలే కదా, అక్కడి వైరస్ చాలా డేంజరంట కదా అంటున్నాడు" అన్నాడు. వాడు కర్నూలు వెళ్ళి అప్పటికే పద్నాలుగు నెలలైంది. దగ్గు లేదు, జ్వరం లేదు. ఆధార్ కార్డులో ఊరి పేరు ఉంది, అదొక్కటే వాడి తప్పు.

ఆ వారం టీవీల్లో మోగిన మాటలు మీకూ గుర్తుండే ఉంటాయి. ఒకరు "ఏపీ స్ట్రెయిన్" అన్నారు, ఇంకొకరు "కర్నూలు వేరియంట్" అన్నారు. మన అసోసియేషన్ వాట్సాప్ గ్రూపుల్లో కూడా అవే మాటలు తిరిగాయి. ఫార్వర్డ్ చేసినవాళ్ళలో మన జిల్లావాళ్ళూ ఉన్నారు. ఐదేళ్ళ నాటి సంగతి ఇప్పుడెందుకంటారేమో. రోగాలకు ఊళ్ళ పేర్లు పెట్టకూడదనే నియమం గురించి మన సమావేశాల్లో మాట వచ్చినప్పుడల్లా "అదంతా రాజకీయ మర్యాద" అని కొట్టిపారేస్తున్నారు. కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో మన కర్నూలు కథతోనే చెప్తాను.

అప్పుడు కర్నూలుకు అంటగట్టిన దాని అసలు పేరు N440K. చదవడం తేలికే. కరోనా వైరస్ పైన ముళ్ళలా కనిపించే స్పైక్ ప్రొటీన్‌ను ఒక పూసల దండ అనుకోండి. అందులో ఒక్కో పూస ఒక్కో అమైనో ఆమ్లం. 440వ చోట మామూలుగా ఉండేది ఆస్పరజీన్, దాని గుర్తు N. అది పోయి ఆ చోట లైసిన్ వస్తే, దాని గుర్తు K కాబట్టి, మార్పు పేరు N440K అవుతుంది. అంటే ఇది ఒక పూస మారడం. కొత్త వైరస్ పుట్టడం కాదు.

కర్నూలు నుంచి వెళ్ళిన శాంపిళ్ళలో ఈ మార్పు కనిపించిందని వార్తలొచ్చాయి. ల్యాబులో పెంచిన కణాల మీద ఇది వేగంగా పెరిగిందని ఒక అధ్యయనం చెప్పింది. ఆ రెండిటినీ కలిపేసి "పదిహేను రెట్లు ప్రమాదకరం" అని ప్రచారం చేశారు. ల్యాబు పాత్రలో వేగంగా పెరగడం వేరు, ఊళ్ళో జనం మధ్య వేగంగా పాకడం వేరు. ఊళ్ళో ఏం జరుగుతోందో తెలియాలంటే వారం వారం శాంపిళ్ళు తీసి, ఏ రకం వాటా పెరుగుతోందో, ఏది తగ్గుతోందో చూడాలి. హైదరాబాదులోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆ పనే చేశారు. N440K తగ్గుముఖం పట్టిందనీ, దాని స్థానంలోకి వేరే రకాలు వస్తున్నాయనీ అప్పుడే బహిరంగంగా చెప్పారు. ఆ రెండో వేవ్‌లో ప్రధానంగా ప్రాణాలు తీసింది B.1.617.2, మనం తర్వాత డెల్టా అని పిలిచినది. అది అప్పటికే దేశమంతా పాకింది.

కానీ పేరు తన పని తాను చేసుకుపోయింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చేవాళ్ళు 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాలని ఢిల్లీలో ఉత్తర్వు వచ్చింది. టీకా వేయించుకున్నట్టో, టెస్టులో నెగటివ్ వచ్చినట్టో కాగితం చూపిస్తే ఇంట్లో 7 రోజులు. కారణం రెండు రాష్ట్రాల్లో కనిపించిన కొత్త రకమని చెప్పారు. ఆ రోజుల్లో ఢిల్లీ ఆసుపత్రుల్లో ఆక్సిజన్ దొరక్క మనుషులు పోతున్నారు. అసలు ప్రమాదం ఎక్కడుందో అక్కడ వదిలేసి, చూపంతా దక్షిణానికి తిరిగింది. ఊరి పేరు మీద నాకున్న మొదటి అభ్యంతరం ఇదే. అది మనసు నొప్పించడంతో ఆగదు, తప్పు దారి చూపిస్తుంది.

ఇలా జరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు ముందే తెలుసు. 2009లో "స్వైన్ ఫ్లూ" అన్న పేరు విని ఈజిప్టు ప్రభుత్వం దేశంలోని దాదాపు మూడు లక్షల పందులను చంపమని ఆదేశించింది. అప్పటికి ఆ దేశంలో ఒక్క కేసూ లేదు. ఆ జ్వరం మనిషి నుంచి మనిషికి పాకేది, పందుల నుంచి కాదు. ఆ పందులు కైరోలో చెత్త ఏరుకుని బతికే కుటుంబాలవి. నగరంలో మిగిలిన తిండి చెత్తను అవే తినేవి. వాటిని చంపేశాక వీధుల్లో చెత్త కుప్పలు పడింది, ఆ కుటుంబాల బతుకు పోయింది.

2015 మేలో ఆ సంస్థ, జంతు ఆరోగ్య సంస్థతోనూ ఆహార, వ్యవసాయ సంస్థతోనూ మాట్లాడి, మనుషులకు వచ్చే కొత్త అంటువ్యాధుల పేర్లకు నియమాలు విడుదల చేసింది. ఊరు, దేశం, మనిషి పేరు, జంతువు, తిండి, వృత్తి లాంటివి పేరులో ఉండకూడదు. "ప్రాణాంతక", "అంతుచిక్కని" లాంటి భయపెట్టే మాటలూ వద్దు. పేరు రోగం గురించి చెప్పాలి: ఏ భాగానికి వస్తుంది, ఎంత తీవ్రం, ఏ వయసువాళ్ళకు, ఏ కాలంలో, తెలిస్తే ఏ క్రిమి వల్ల. పొట్టిగా, పలకడానికి వీలుగా ఉండాలి. 2020 ఫిబ్రవరి 11న ప్రకటించిన కోవిడ్-19 అలా కట్టిన పేరే: కరోనా వైరస్ వల్ల వచ్చే డిసీజ్, 2019లో బయటపడింది. అందులో ఏ ఊరూ లేదు. పాత పేర్ల జోలికి మాత్రం ఈ నియమాలు పోవు. అందుకే జపనీస్ ఎన్సెఫలైటిస్ ఇంకా అదే పేరుతో ఉంది.

వేరియంట్ల దగ్గర చిక్కొచ్చింది. B.1.617.2 లాంటి పేర్లు శాస్త్రవేత్తలకు బాగుంటాయి. ఏది దేని నుంచి పుట్టిందో వంశవృక్షంలా అందులోనే తెలుస్తుంది. కానీ వార్తలు చదివేవాళ్ళ నోరు తిరగదు. నోరు తిరిగే పేరు అధికారులు ఇవ్వకపోతే జనం ఊరి పేరు పెట్టేస్తారు. అందుకని 2021 మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి గ్రీకు అక్షరాల పేర్లు వచ్చాయి: ఆల్ఫా, బీటా, గామా, డెల్టా. శాస్త్రవేత్తల పేరు వాళ్ళకుంది, జనానికి ఇంకో పేరు. నిఘా పెట్టాల్సిన రకాలకే అక్షరం. ఈ పద్ధతిలో నాకు ఒకటే కోపం, ఆలస్యం. మా తమ్ముడు సామాన్లు సర్దుకున్నాక మూడు వారాలకు వచ్చింది ఆ ప్రకటన.

ఊరి పేరు దాచేస్తే రోగం ఎక్కడ మొదలైందో ఎలా తెలుస్తుందని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆ వివరం ఎక్కడికీ పోదు. జన్యుక్రమాన్ని డేటాబేసులో పెట్టేటప్పుడు దేశం, రాష్ట్రం, తేదీ రాస్తారు. దాన్ని వాడుకోవాల్సినవాళ్ళకు అది అక్కడే దొరుకుతుంది. పైగా మొదట కనిపించిన చోటే మొదట పుట్టిందని చెప్పలేం. ఎక్కువ శాంపిళ్ళు చదివిన ఊళ్ళోనే ముందు కనిపిస్తుంది. వెతికినందుకు శిక్ష పడుతుందంటే ఇంకో జిల్లా శాంపిళ్ళు పంపుతుందా?

2021 నవంబరులో దక్షిణ ఆఫ్రికా, బోట్స్వానా శాస్త్రవేత్తలు ఒక కొత్త రకాన్ని గుర్తించారు. వారంలోపే దానికి ఒమిక్రాన్ అని పేరు వచ్చింది. దాని స్పైక్‌లోని మార్పుల జాబితా ఆ రోజు నేనూ చదివాను. 440వ చోట ఆస్పరజీన్ పోయి లైసిన్ ఉంది. కర్నూలుకు అంటగట్టిన ఆ ఒక్క పూస, మన ఊరితో ఏ సంబంధమూ లేని వైరస్‌లో తనంతట తానే మారింది. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఆ ఓనరుకు ఎవరు చెప్తారన్నా?" అన్నాడు.