భద్రమైన ఫ్లాటుకు ఎన్ని తాళాలుండాలి?

కూకట్‌పల్లిలో జేఎన్‌టీయూ చుట్టుపక్కల కూతురికి అద్దె ఫ్లాటు వెతకడానికి జిల్లాల నుంచి వచ్చే తల్లిదండ్రుల పరిశీలనా శక్తిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. సింహద్వారం ఏ దిక్కున ఉందో, ఓనరుగారు అదే భవనంలో కాపురం ఉంటున్నారో లేదో, గేటుకు రాత్రి ఎన్నింటికి తాళం పడుతుందో వారు పావుగంటలో తేల్చేస్తారు. అమ్మాయికి రాగల ప్రమాదమంతా బయటి నుంచే, అదీ రెండు కాళ్ల మీద నడిచే వస్తుందన్నది వారి సిద్ధాంతం. పొగకు కాళ్లుండవు కనుక దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఉదాహరణకు ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక తండ్రిగారికి నచ్చిన ఇంటిని చూద్దాం. కింద స్కూటర్లు నిలిపే స్టిల్టు, దానిపై మూడంతస్తులు, అన్నిటికీ పైన డాబా మీద లేపిన రెండు గదులకు పెంట్‌హౌస్ అన్న గంభీరమైన పేరు. అందరికీ కలిపి మెట్లదారి ఒక్కటే. ఆ మెట్ల మొదట్లోనే కరెంటు మీటర్లన్నీ బారులు తీరి ఉంటాయి, వాటి కిందే ఎవరిదో ఎలక్ట్రిక్ స్కూటరు రాత్రంతా చార్జింగవుతూ ఉంటుంది. అక్కడ షార్ట్ సర్క్యూట్ జరిగి నిప్పంటుకుంటే మంట పైకి రావడానికి సమయం పట్టవచ్చు గానీ, వేడి పొగ మాత్రం అదే మెట్లదారిని పొగగొట్టంగా చేసుకుని నేరుగా పెంట్‌హౌస్ తలుపు తడుతుంది. దిగడానికి ఉన్న దారి, పొగ ఎక్కే దారి ఒకటే అన్నమాట. ఇక బాల్కనీ అంటారా, దానికి ఈ చివర నుంచి ఆ చివర వరకు ఇనుప గ్రిల్లు వెల్డింగు చేసి ఉంది. "పిట్ట కూడా దూరదండీ" అని ఓనరుగారు చూపిస్తే తండ్రిగారి కళ్లు చెమర్చాయి. పిట్ట దూరలేని చోటి నుంచి పిల్ల ఎలా బయటపడుతుందని అడగడం సభ్యత కాదు. గ్రిల్లులో ఒక భాగాన్ని మడతబందులతో లోపలి నుంచి తెరుచుకునేలా చేయించి, తాళంచెవిని పక్కనే మేకుకు తగిలించుకోవచ్చు. అయితే అలాంటి గ్రిల్లును చూసి ఏ తండ్రి గుండె నిబ్బరపడుతుంది?

బాత్రూములో గ్యాస్ గీజరు ఉందని తెలిసి తల్లిగారు సంతోషించారు, కరెంటు బిల్లు ఆదా అవుతుందని. గ్యాస్ లీకైతే వాసన వస్తుంది కదా అన్నది ఆవిడ ధీమా. ఆ మాట నిజమే, సిలిండరులోని గ్యాసుకు వాసన కలిపేదే అందుకు. కానీ గాలి చాలని చిన్న గదిలో ఆ మంట సరిగా మండకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలయ్యే సరికి తలుపు గడియ తీసే ఓపిక కూడా ఉండకపోవచ్చు. గీజరునూ సిలిండరునూ బాత్రూము బయట, గాలి ఆడే చోట బిగించి వేడినీటి గొట్టాన్ని మాత్రమే లోపలికి తేవాలి, లేదా దాన్ని తీసేసి కరెంటు గీజరు పెట్టాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా అని ఓనరుగారు అన్నారు. అది తిరుగుతుందా అని ఎవరూ స్విచ్ వేయలేదు. కరెంటు గీజరైనా, షాక్ కొట్టకుండా కాపాడే బ్రేకరు స్విచ్‌బోర్డులో ఉండాలి. దాని మీది టెస్ట్ మీట నొక్కితే కరెంటు ఠక్కున పోవాలి, పోకపోతే ఆ బ్రేకరు అలంకారమే. ఈ పరీక్షకు ఒక్క వేలు చాలు, కానీ ఆ వేలు అప్పటికి దిక్సూచి పట్టుకుని ఉంది.

చివరికి ఒప్పందం దగ్గర కూర్చున్నారు. అద్దె 16,000, అడ్వాన్సు రెండు నెలలది, గడువు 11 నెలలు. ఏడాది లోపు లీజుకు రిజిస్ట్రేషన్ శ్రమ అక్కర్లేదన్న నమ్మకంతో ఊరంతా 11 నెలలకే బతుకుతుంది. మాంసం వండరాదు, స్నేహితులు రాత్రి ఉండరాదు, ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఒక నెల అద్దె కోత, రాత్రి 10 తర్వాత గేటు తీయబడదు. నిబంధనలు చదువుతున్న కొద్దీ తండ్రిగారి ముఖం వికసించింది. గీజరు మార్పించాలన్న మాట గానీ, గ్రిల్లు తెరుచుకోవాలన్న మాట గానీ ఆ కాగితంలో రాయించాలని ఎవరికీ తోచలేదు. సంతకానికి ముందు రాయిస్తేనే ఓనరు చేయిస్తాడు, అడ్వాన్సు చేతిలో పడ్డాక వచ్చే నెల చూద్దామంటాడు.

ఆయన ఒక్క కోరిక మాత్రం బయటపెట్టారు, గేటు తాళంచెవి అమ్మాయి దగ్గర కూడా ఒకటి ఉంటే బాగుంటుందేమోనని.

"రాత్రిపూట ఆడపిల్లకు గేటు తాళంచెవి ఎందుకండీ?" అన్నారు ఓనరుగారు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

తండ్రిగారు ఆ మాటకు సిగ్గుపడి, 32,000 లెక్కపెట్టి ఇచ్చేశారు.