చేతిలో పని ఆపమని చెప్పడం: ఒక బుధవారం వాదన

కిరణ్ అడిగాడు: "బుధవారం మధ్యాహ్నం పైనుంచి కొత్త పని వచ్చి పడింది. ఎనిమిది మందీ తలా ఒక పనిలో మునిగి ఉన్నారు. అవన్నీ పక్కన పెట్టి ఇది చూడండని గ్రూపులో ఎలా చెప్పాలి? ఒక్క ముక్కలో చెప్పేస్తే సరిపోతుందా?"

(బెంగళూరు, బెళ్లందూరులో ఒక ఆఫీసు. మీటింగ్ రూమ్ దొరక్క ముగ్గురూ క్యాంటీన్‌లో కూర్చున్నారు. ప్రసాద్ డెలివరీ మేనేజర్. శైలజ టెక్ లీడ్. కిరణ్‌ను ఈమధ్యే టీమ్ లీడ్ చేశారు. సంగతేమిటంటే, వాళ్లు వాడే ఒక జావా లైబ్రరీలో సెక్యూరిటీ లోపం బయటపడింది. శుక్రవారం సాయంత్రం ఆరింటిలోపు సరిచేసి ఇవ్వమని క్లయింట్ మెయిల్ పెట్టాడు. ఇప్పుడు టైము మూడు కావస్తోంది.)

ప్రసాద్: ఇందులో ఆలోచించడానికి ఏముంది? నేనైతే ఇలా కొట్టేస్తాను. "టీమ్, అర్జెంట్. ఇప్పుడు చేస్తున్న పనులన్నీ ఆపండి. సెక్యూరిటీ ఫిక్స్ శుక్రవారం సాయంత్రానికి వెళ్లాలి. నాలుగింటికి కాల్." అంతే. ఇంతకు మించి రాస్తే ఎవరూ చదవరు.

శైలజ: చదువుతారు సార్. చదివాక ఒక్కొక్కరూ విడిగా కిరణ్‌కి పింగ్ చేస్తారు, "నేను కూడా ఆపాలా?" అని. ఆ ఎనిమిది పింగులకీ జవాబు చెప్పేసరికి నాలుగవుతుంది.

ప్రసాద్: "అన్నీ ఆపండి" అన్నాక ఆ డౌట్ ఎందుకొస్తుంది?

శైలజ: అన్నీ ఆగవు కాబట్టి. అడ్రస్ టేబుల్ మైగ్రేషన్ చూడండి. పాత టేబుల్ నుంచి కొత్తదానికి అయిదేల వరుసల చొప్పున కాపీ అవుతోంది. ఒక్కో బ్యాచ్ పూర్తయ్యాకే స్క్రిప్టు చివరి ఐడీని రాసుకుంటుంది. మీ మెసేజ్ చూసి ఆ అబ్బాయి బ్యాచ్ మధ్యలో కంట్రోల్-సీ కొట్టాడనుకోండి. కాపీ అయిన వరుసలు ఉంటాయి, ఐడీ మాత్రం పాతదే ఉంటుంది. వచ్చే సోమవారం మళ్లీ నడిపితే అవే వరుసలు రెండోసారి వచ్చి పడతాయి.

ప్రసాద్: ఆమాత్రం వాడికి తెలియదా?

శైలజ: మామూలుగా అయితే తెలుసు. మేనేజర్ "అర్జెంట్, అన్నీ ఆపండి" అన్నాడని కంగారుపడినప్పుడు గుర్తుండదు. పొయ్యి మీద పాలు పెట్టినవాళ్లని బయటికి పిలిచేటప్పుడు స్టవ్ ఆపి రమ్మంటాం కదా. "ఈ బ్యాచ్ అయ్యాక ఆపు, చివరి ఐడీ టికెట్‌లో రాయి" అని ఒక్క లైను చాలు.

కిరణ్: అక్కా, నాదొక చిన్న విషయం. శుక్రవారం రాత్రి విజయవాడ బస్సు బుక్ చేసుకున్నాను. మా బాబాయి కూతురి పెళ్లి...

ప్రసాద్: ఉండవయ్యా, ముందు ఇది తేలనీ.

(నిజానికి కిరణ్ అడిగింది అసందర్భమేమీ కాదు. ఇలాంటి మెసేజ్ చూడగానే అందరికీ ముందు గుర్తొచ్చేది వారాంతమే. బయటికి అడిగేవాళ్లు తక్కువ, అంతే.)

శైలజ: ఇంకొకటి. కొత్త రీఫండ్ పేజీ పది శాతం మందికి తెరిచి ఉంచాం. అది చూసుకుంటున్న అమ్మాయిని కూడా ఇటు లాగేస్తే, ఆ పది శాతం మందికి ఏం ఎర్రర్ వస్తోందో చూసే దిక్కుండదు. పేజీని సున్నాకి దించి రమ్మనాలి, లేదంటే ఆమెను అక్కడే ఉండనివ్వాలి. మీ "ఆపండి" రెండింటిలో ఏదీ చెప్పడం లేదు.

ప్రసాద్: సరే, మీరనేది అర్థమైంది. కానీ ఎవరిని ఆపాలి, ఎవరిని ఉంచాలి, ఎక్కడ ఆపాలి అని ఇలా కూర్చుని లెక్కలు వేస్తుంటే గంట పోతుంది. నేను అందరినీ ముందు ఆపుతాను. అక్కర్లేదనిపించిన వాళ్లని సాయంత్రం వెనక్కి పంపేస్తాను. ఆగినవాణ్ణి వదిలెయ్యడం తేలిక. పని మీదున్నవాణ్ణి రేపు పొద్దున లాక్కురావడం కష్టం.

శైలజ: వెనక్కి పంపడం మీకు తేలిక. వెళ్లినవాడికి కాదు. మధ్యాహ్నం వదిలేసిన కోడ్‌ను సాయంత్రం మళ్లీ మొదటి నుంచి చదువుకోవాలి. ఇంతకీ ఎంతమంది కావాలో మనకి ఇంకా తెలియనే తెలియదు. ఆ లైబ్రరీని మనం నేరుగా పెట్టుకోలేదు, వేరే లైబ్రరీ వెంట వచ్చింది. ఏయే సర్వీసుల్లో ఉందో చూడాలంటే ఒక మనిషి కూర్చుని ఒక్కోదాంట్లో ఇది నడపాలి.

```
mvn dependency:tree
```

గంట పని. రెండు సర్వీసుల్లోనే ఉందని తేలితే ఇద్దరు చాలు. అయిదింటిలోనూ ఉంటే నలుగురు. ఎనిమిది మందికి అందులో పనే లేదు.

ప్రసాద్: 2021 డిసెంబరు గుర్తుందా? లాగ్‌ఫోర్‌జే గొడవ. నేను అప్పుడు వేరే కంపెనీలో ఉన్నాను. పన్నెండు మందినీ ఆపేశాను, అందుకే బయటపడ్డాం.

శైలజ: బాగా గుర్తుంది. శుక్రవారం గుప్పుమంది. 2.15.0 వెర్షన్‌కి మారితే చాలన్నారు, మారాం. సోమవారానికి అది సరిపోదని 2.16.0 వచ్చింది. ఆ వారం చివరికి 2.17.0. నెలాఖరుకి 2.17.1. మీ పన్నెండు మందిని ఎన్నిసార్లు ఆపారు?

ప్రసాద్: (నవ్వి) అదంతా ఇప్పుడెందుకులెండి.

శైలజ: ఎందుకంటే మీ మెసేజ్‌లో "శుక్రవారం సాయంత్రానికి" అని ఉంది. క్లయింట్ గడువు అది. మన పని అప్పటికి అయిపోతుందని దాని అర్థం కాదు. టీమ్ మాత్రం శుక్రవారం ఆరింటికి తమకి విడుదల అనుకుంటుంది. దానికి బదులు, మళ్లీ ఎప్పుడు చెప్తామో రాద్దాం. ఈ రోజు అయిదింటికి ఎన్ని సర్వీసులో తేలుతుంది. రేపు పదకొండింటికి ఇంకో మాట చెప్తాం. ఆ రెండూ మన చేతిలో ఉన్నవి.

కిరణ్: మరి స్ప్రింట్ మధ్యలో ఏమీ మార్చకూడదని ట్రైనింగ్‌లో చెప్పారు కదా?

ప్రసాద్: అవన్నీ ట్రైనింగ్ మాటలు. క్లయింట్ నెత్తిన కూర్చుంటే స్ప్రింటేమిటి?

శైలజ: ఇద్దరూ తలా సగమే చెప్తున్నారు. ఏమీ మార్చకూడదని స్క్రమ్ గైడ్‌లో లేదు. స్ప్రింట్ గోల్‌ను దెబ్బతీసే మార్పు చేయొద్దని ఉంది. ఆ గోల్‌కే అర్థం లేకుండా పోతే స్ప్రింట్ రద్దు చెయ్యొచ్చు, కాకపోతే ఆ అధికారం ప్రొడక్ట్ ఓనర్ ఒక్కరిదే. రీఫండ్ పేజీ డెమో రేపు ఇస్తామని మాటిచ్చింది ఆవిడే. ఆవిడకి చెప్పకుండా మనం టీమ్‌కి చెప్పేశామనుకోండి. రేపు ఆవిడ ఆ అమ్మాయినే డెమో ఏదని అడుగుతారు. ఆ పిల్ల ఎవరి మాట వినాలి?

ప్రసాద్: ఆ ఫోన్ నేను చేస్తాను. ఇప్పుడే. కానీ నాదీ ఒక మాట వినండి. మీరు కొందరిని పని చేసుకోనిస్తామంటున్నారు. వాళ్లు కోడ్‌ను మెయిన్‌లోకి మెర్జ్ చేస్తూ పోతే ఫిక్స్‌తో పాటు వాళ్ల సగం సగం పనులు కూడా ప్రొడక్షన్‌కి వెళ్లిపోతాయి. అప్పుడేం చేస్తారు?

శైలజ: ప్రొడక్షన్‌లో ఉన్న ట్యాగ్ నుంచే బ్రాంచ్ తీస్తాం. మెయిన్‌లో ఎవరేం కలిపినా దానికి అంటదు.

ప్రసాద్: మరి టెస్టింగ్ ఎక్కడ? మనకున్నది ఒక్కటే స్టేజింగ్. మెయిన్‌లో మెర్జ్ పడగానే అది దానంతట అదే కొత్త బిల్డ్ వేసుకుంటుంది. ఫిక్స్ టెస్ట్ చేస్తుండగా ఎవరో బటన్ రంగు మార్చి మెర్జ్ చేస్తే, మన బిల్డ్ ఎగిరిపోతుంది.

(శైలజ కాసేపు మాట్లాడలేదు. ఈ పాయింటు ఆమె లెక్కలో లేదు.)

శైలజ: అది నిజమే. అయితే మెర్జ్ అందరికీ ఆపుదాం, ఇప్పటి నుంచే. పని మాత్రం అందరికీ ఆపొద్దు. ఎవరి బ్రాంచ్‌లో వాళ్లు రాసుకోవచ్చు. అన్నట్టు, ఇద్దరు టెస్టర్లు పొద్దుటి నుంచి ఆ స్టేజింగ్ మీదే రిగ్రెషన్ చేస్తున్నారు. మనం ఫిక్స్ బిల్డ్ వేస్తే వాళ్లది పోతుంది. ఏ బిల్డ్ మీద ఎక్కడిదాకా వచ్చారో రాసిపెట్టుకోమనాలి. లేకపోతే సోమవారం మళ్లీ ఒకటో కేసు నుంచి మొదలు.

ప్రసాద్: చూశారా, మీ లెక్కలోనూ అందరూ ఏదో ఒకటి ఆపుతున్నారు!

శైలజ: కానీ తలా ఒకటి ఆపుతున్నారు. అదే కదా నేను మొదటి నుంచీ అంటున్నది. కిరణ్, రాసుకో.

(కిరణ్ ఫోన్‌లో టైప్ చేశాడు. ఇద్దరూ చెరో పక్క నుంచి తొంగిచూస్తూ దిద్దించాక అది ఇలా తేలింది.)

> అర్జెంట్, అందరూ చదవండి. మనం వాడే ఒక లైబ్రరీలో సెక్యూరిటీ లోపం ఉంది. క్లయింట్ గడువు శుక్రవారం సాయంత్రం 6.
>
> అందరికీ: ఇప్పటి నుంచి మెయిన్‌లోకి మెర్జ్ ఆపండి. మీ బ్రాంచ్‌లో పని చేసుకోవచ్చు.
> మైగ్రేషన్: నడుస్తున్న బ్యాచ్ పూర్తి కానివ్వండి, తర్వాత ఆపండి. చివరి ఐడీ టికెట్‌లో రాయండి.
> రీఫండ్ పేజీ: సున్నాకి దించండి. రేపటి డెమో సంగతి ప్రసాద్ గారు మాట్లాడుతున్నారు, మీరు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.
> టెస్టర్లు: బిల్డ్ నంబరు, ఎక్కడిదాకా వచ్చారో రాసుకుని 4కి స్టేజింగ్ వదలండి.
> ఏయే సర్వీసుల్లో ఉందో శైలజ చూస్తున్నారు. ఎవరు కావాలో 5కి పేర్లతో చెప్తాం. చదివినవాళ్లు ఒక థంబ్ పెట్టండి.

ప్రసాద్: పొడుగైంది.

శైలజ: ఎవరి లైను వాళ్లు చదువుకుంటారు.

ప్రసాద్: "సెక్యూరిటీ లోపం" అన్న మాట తీసేద్దాం. ఈ గ్రూపులో కాంట్రాక్టు వాళ్లు కూడా ఉన్నారు. క్లయింట్ సంగతి బయటికి పొక్కితే నా మెడకి చుట్టుకుంటుంది.

శైలజ: కారణం చెప్పకుండా ఆపమంటే, ప్రాజెక్టే పోతోందనుకుంటారు. లైబ్రరీ పేరు రాయలేదు, క్లయింట్ పేరూ రాయలేదు. అది చాలదా?

ప్రసాద్: నాకు చాలదు. "క్లయింట్ అడిగిన అత్యవసర మార్పు" అని పెట్టు కిరణ్.

శైలజ: పెట్టు. నలుగురూ వచ్చి అడిగితే మాత్రం నేను నోటితో చెప్తాను.

ప్రసాద్: చెప్పుకోండి. ఇంకో మాట, అయిదింటికి మీరు ఇద్దరు చాలన్నా నేను నలుగురిని తీసుకుంటాను. రిస్క్ నాది.

శైలజ: అది అయిదింటికి కొట్లాడుకుందాం.

కిరణ్: పంపేశాను. సార్, నా బస్సు...

ప్రసాద్: చూద్దాంలే.

శైలజ: చూద్దాం అంటే ఏమిటి సార్? టికెట్ ఉంచుకోవాలా, క్యాన్సిల్ చేసుకోవాలా?

ప్రసాద్: రేపు పదకొండింటికి చెప్తాను.

శైలజ: అయితే అది కూడా గ్రూపులో పెట్టు కిరణ్. "శని, ఆదివారాలు రావాలా వద్దా అన్నది రేపు 11కి చెప్తాం" అని. బస్సు నీ ఒక్కడికే ఉందనుకుంటున్నావా?