రికరెన్స్ రాయడం రాకుండా మాస్టర్ థీరమ్ బట్టీ కొడితే ఏం లాభం?

అనంతపురం క్లాక్ టవర్ దగ్గర్లో సాయంత్రం పూట నలుగురైదుగురు ఇంజనీరింగ్ పిల్లలకు అల్గారిథమ్స్ చెప్తుంటాను. మొన్న సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డాయని అందరూ టెన్షన్‌లో ఉన్నారు. తనను తాను పిలుచుకునే ప్రోగ్రాం చేసే పనిని అంతకంటే చిన్న సైజు పనితో చెప్పే సమీకరణమే రికరెన్స్, దాన్ని సాధించడానికి వాడే ఫార్ములా మాస్టర్ థీరమ్. ఒకబ్బాయి నోట్సులో ఆ థీరమ్ మూడు కేసులూ ఎర్ర పెన్నుతో డబ్బాలు కట్టి రాసుకున్నాడు, ఏ కేసు అడిగినా కళ్లు మూసుకుని అప్పజెప్తాడు. సరేలే అని చిన్న నుంచి పెద్దకు వరసలో ఉన్న లిస్టు a లో x ని వెతికే ఈ ప్రోగ్రాం బోర్డు మీద రాసి, దీని కాంప్లెక్సిటీ ఎంత, అంటే లిస్టు సైజు n పెరిగేకొద్దీ పని ఎలా పెరుగుతుంది అబ్బీ అన్నాను.

```python
def find(a, x):
    if not a:
        return False
    m = len(a) // 2
    if a[m] == x:
        return True
    if x < a[m]:
        return find(a[:m], x)
    return find(a[m+1:], x)
```

"O(log n) సార్, బైనరీ సెర్చ్ కదా" అన్నాడు, ఒక్క క్షణం కూడా ఆగలేదు. రికరెన్స్ రాయమంటే T(n) = T(n/2) + 1 అని రాశాడు, దాన్ని థీరమ్‌లో పెట్టి తప్పు లేకుండా సాధించాడు కూడా. లెక్కంతా కరెక్టే, జవాబు మాత్రం తప్పు. ఎందుకంటే ఆ రికరెన్స్ బోర్డు మీదున్న ప్రోగ్రాంది కాదు, వాడి బుర్రలో ఉన్న బైనరీ సెర్చ్‌ది.

నేను చూసినంతలో పిల్లలు ఎక్కువగా తప్పుచేసేది రికరెన్స్ సాధించడంలో కాదు, రాయడంలో. ప్రోగ్రాం పేరు చూస్తారు, గుర్తున్న రికరెన్స్ రాస్తారు, ఫార్ములాలో పడేస్తారు. ఫార్ములా ముందే చేతిలో పెట్టేశాం కాబట్టి ప్రోగ్రాం వైపు చూడాల్సిన పనే వాళ్లకు పడదు, ఇందులో తప్పు వాళ్లకంటే చెప్పేవాళ్లదే ఎక్కువ అని నేనంటాను.

పై ప్రోగ్రాంలో అసలు విషయం `a[:m]` దగ్గరుంది. పైథాన్‌లో లిస్టును అలా కోస్తే కొత్త లిస్టు తయారవుతుంది, ఆ సగంలో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా కొత్త చోటికి కాపీ అవుతాయి. నిఘంటువులో ఒక మాట వెతకడానికి మధ్యలో పేజీ తెరిచి, మాట ముందు సగంలో ఉందని తెలిశాక, ఆ సగమంతా జిరాక్స్ తీయించుకుని, మళ్లీ అందులో సగం జిరాక్స్ తీయించుకుంటూ పోయినట్టు. చూసింది నాలుగైదు పేజీలే, కానీ జిరాక్స్ షాపు బిల్లు మాత్రం దాదాపు పుస్తకమంతకీ పడుతుంది.

అంకెల్లో చూద్దాం, అక్షరాల్లో వద్దు. n బదులు 16 పెట్టమన్నాను. x అన్నిటికంటే చిన్నది అనుకుంటే మొదటి కాల్‌లో 8 కాపీలు, తర్వాత 4, తర్వాత 2, తర్వాత 1, ఆపైన ఖాళీ లిస్టు. మొత్తం 15. కాల్స్ ఆరే, కానీ కాపీలు దాదాపు n. అంటే రాయాల్సిన రికరెన్స్ T(n) = T(n/2) + n/2, జవాబు O(n). 10,48,576 పేర్లున్న లిస్టులో అసలు బైనరీ సెర్చ్ ఇరవై చిల్లర పోలికలతో తేల్చేస్తుంది, ఇదేమో 10,48,575 కాపీలు చేస్తుంది. అంతకంటే లిస్టు మొదటి నుంచీ వరసగా చూసుకుంటూ పోయినా పోయేదేం లేదు. లిస్టును కోయకుండా మొదలు, చివర అనే రెండు నంబర్లు మాత్రం పంపిస్తే అప్పుడది O(log n) అవుతుంది. ఇదే పనికి సీలో పాయింటర్ పంపితే కాపీ ఉండదు, పైథాన్‌లోనే నంపై లైబ్రరీ అర్రేను కోసినా డేటా కాపీ కాదు, కాబట్టి చూడ్డానికి ఒకేలా ఉన్న ప్రోగ్రాంకి ఒకచోట ఒక జవాబు, ఇంకోచోట ఇంకో జవాబు. దీన్ని ఏ ఫార్ములా పట్టుకుంటుంది చెప్పండి?

అందుకే నేను ముందు రెండే అడగమంటాను. ఒకటి, ఈ ఫంక్షన్ తనను తాను ఎన్నిసార్లు, ఎంత సైజుతో పిలుస్తోంది? రెండు, ఆ పిలుపులు పక్కన పెడితే ఈ ఒక్క కాల్ తన చేత్తో ఎంత పని చేస్తోంది? ఈ రెండూ ప్రోగ్రాంలోని లైన్లు చదివితేనే తెలుస్తాయి, పేరు చూస్తే తెలియవు.

తర్వాత కాగితం మీద చెట్టు గీయడమే. పైన ఒక కాల్, దాని కింద అది పిలిచినవి, వాటి కింద అవి పిలిచినవి. ఒక్కో వరుసలో మొత్తం పని ఎంతో కుడి పక్కన రాసుకుంటూ పోవాలి. లిస్టును రెండు సగాలు చేసి, ఒక్కో సగాన్నీ వరసలో పెట్టి, తిరిగి కలిపే మెర్జ్ సార్ట్ తీసుకుంటే, 16 సైజు కాల్ కలపడానికి 16 పని చేస్తుంది. కింద రెండు 8లు, కలిపితే 16. ఆ కింద నాలుగు 4లు, మళ్లీ 16. ఎనిమిది 2లు, అదీ 16. అన్ని వరుసలూ సమానం కాబట్టి వరుసలు లెక్కబెట్టి గుణిస్తే చాలు. 16ని సగం చేస్తూ 1కి రావడానికి నాలుగు సార్లు, అంటే 16 × 4. అదే n log n. ఇక్కడ log ఎక్కడినుంచో ఊడిపడలేదు, అది వరుసల సంఖ్య, అంతే.

ఇందాకటి కాపీలది 8, 4, 2, 1. వరుసలు సగం సగం తగ్గుతున్నాయి, అన్నీ కలిపినా మొదటి వరుసకు రెట్టింపు కూడా కాదు, కాబట్టి మొదటి వరుసే జవాబు. మూడో రకం వరుసలు పెరిగేవి. దానికి నాకు నచ్చిన ఉదాహరణ n అంకెలున్న రెండు పెద్ద సంఖ్యల గుణకారం. ఒక్కో సంఖ్యను రెండు ముక్కలు చేసి గుణిస్తే సగం సైజు గుణకారాలు నాలుగు కావాలి, కలపడానికి n పని. 16 అంకెలకు వరుసలు రాయండి: 16, 32, 64, 128, చివర 256. చివరి వరుసే మిగతావన్నీ కలిపినదానికంటే పెద్దది, అది 16 × 16, అంటే n². ముక్కలు చేసి ఇంత శ్రమపడి బడి గుణకారం దగ్గరికే వచ్చాం! 1960లో కరాత్సుబా అనే రష్యన్ కుర్రాడు (అప్పటికి 23 ఏళ్లు) నాలుగు బదులు మూడు గుణకారాలతో పని జరుగుతుందని కనిపెట్టాడు. n² కంటే వేగంగా చేయలేమని గణితంలో మహా దిట్ట కొల్మొగొరోవ్ అంతటివాడు అనుకుంటున్న రోజులవి. ఇప్పుడు వరుసలు చూడండి: 16, 24, 36, 54, 81. మొదటి వరుస మారలేదు, వరుసల సంఖ్యా మారలేదు, చివర 256 ఉన్నచోట 81 వచ్చింది. సైజు రెట్టింపైనప్పుడల్లా చివరి వరుస మూడింతలవుతుంది, దాన్నే n కి ఘాతంగా రాస్తే సుమారు 1.585 వస్తుంది. మాస్టర్ థీరమ్ మూడు కేసులంటే ఈ మూడు బొమ్మలే, సమానం, తగ్గడం, పెరగడం. బొమ్మ చూసినవాడికి కేసు నంబరుతో పనేముంది?

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. వరుసలు తగ్గుతున్నాయి కదా అని మొదటి వరుసే జవాబు అనేయకూడదు, ఎలా తగ్గుతున్నాయో చూడాలి. లిస్టు మొత్తం కూడటానికి పిల్లలు సరదాగా రాసే `a[0] + total(a[1:])` చూడండి. 16కి కాపీలు 15, 14, 13 అలా ఒక్కొక్కటే తగ్గుతూ వస్తాయి, మొత్తం 120. ఇక్కడ ప్రతి వరుసా లెక్కలోకొస్తుంది, అది n² లో దాదాపు సగం, కాబట్టి O(n²). మరి వాడేటప్పుడు ఎవరికీ నెమ్మదిగా అనిపించదెందుకు అంటే, పైథాన్ మామూలుగా 1000 కాల్స్ లోతు దాటనివ్వదు. అంతవరకూ పోయినా కాపీలు 5 లక్షల లోపే, రెప్పపాటులో అయిపోతుంది. నెమ్మదని తెలిసేలోపే ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది, పిల్లలేమో లిమిట్ పెంచుకుంటే సరిపోతుంది అనుకుంటారు.

ఆ రోజు ఆ అబ్బాయికి ఇంకొకటి ఇచ్చాను. n 1, 2, 4, 8 లాంటి సంఖ్యే అనుకోమన్నాను.

```python
def power(x, n):
    if n == 1:
        return x
    return power(x, n // 2) * power(x, n // 2)
```

ఈసారి వెంటనే నోరు తెరవలేదు. కాగితం తీసి 16 రాశాడు, కింద రెండు 8లు, నాలుగు 4లు, అలా దిగి కాల్స్ కూడితే 31. "సగం చేస్తున్నాం కదా సార్, log రావాలి కదా?" అన్నాడు కాసేపటికి. సగమవుతున్నది సైజు, చెట్టు కాదు. రెండు కొమ్మలూ ఒకే లెక్కను రెండుసార్లు చేస్తున్నాయి. వచ్చిన విలువను `h` లో పెట్టుకుని `h * h` అని రాస్తే కొమ్మ ఒకటే మిగులుతుంది, 31 కాల్స్ 5 అవుతాయి, O(n) కాస్తా O(log n) అవుతుంది. రెండు ప్రోగ్రాంలూ ఇచ్చే జవాబు ఒకటే కాబట్టి టెస్ట్ కేసులన్నీ పాసైపోతాయి, అదే దీనితో వచ్చిన చిక్కు.

ఫిబొనాచీ దగ్గర మాత్రం చెట్టు చక్కగా రాదు. `fib(n-1)`, `fib(n-2)` అని పిలుస్తుంది కాబట్టి ఒక పక్క కొమ్మలు లోతుగా, ఇంకో పక్క పొట్టిగా ఉంటాయి, సైజు భాగించడం కాకుండా తీసివేతతో తగ్గుతోంది కాబట్టి మాస్టర్ థీరమ్ కూడా పనికిరాదు. చాలామంది 2ⁿ అని రాసేస్తారు. దాటదు అనే అర్థంలో అది తప్పేం కాదు, కానీ అసలు సంఖ్యకు చాలా దూరం. కాల్స్ సంఖ్య ఒక్కో మెట్టుకి r రెట్లు పెరుగుతోంది అనుకుంటే, ఒక మెట్టు కాల్స్ అంతకుముందు రెండు మెట్ల కాల్స్ మొత్తానికి దాదాపు సమానం కాబట్టి r² = r + 1 కావాలి, అక్కడే 1.618 వస్తుంది. నమ్మకం కుదరకపోతే ఫంక్షన్ మొదట్లో ఒక కౌంటర్ పెట్టి నడిపి చూడొచ్చు. వాడు అదే చేశాడు, `fib(30)` కి స్క్రీన్ మీద 2692537 పడింది. 2 ని 30 సార్లు గుణిస్తే 107 కోట్లు దాటుతుంది. ఆ రెండు సంఖ్యలూ కాగితం మీద పక్కపక్కన రాసుకుని, 31 కి కూడా నడిపి, కాలిక్యులేటర్‌లో 31 కి వచ్చిన కాల్స్‌ని 30 కి వచ్చిన కాల్స్‌తో భాగించడం మొదలుపెట్టాడు.