కార్లు తీసేయడం సరే, వాటి కింద రోడ్డు ఎవరు వేస్తారు?

పాత కట్టడాల ఫొటోల్లో ముందు ఆగి ఉన్న కార్లను తుడిచేసి, ‘ఒకప్పుడు ఇలా ఉండేది’ అన్నట్టుగా పోస్టు చేసేవారి సంఖ్య బాగా పెరిగింది. కార్లు తీసేయడం మీద నాకు అభ్యంతరం లేదు. కారు పోయిన చోట మెత్తటి బూడిదరంగు మరకను వదిలి, దానినే రోడ్డు అనుకోమనడం మీదే నా అభ్యంతరమంతా.

సికింద్రాబాద్ ఎం.జి. రోడ్డులో, జేమ్స్ స్ట్రీట్ అని పిలిచిన రోజుల్లో 1900లో కట్టిన పోలీస్ స్టేషన్ లాంటి భవనాన్ని ఏటవాలుగా నిలబడి తీశామనుకుందాం. ముందు వరసగా నాలుగు కార్లు ఉంటాయి, రెండో కారుకూ మూడో కారుకూ మధ్య సందులో కాస్త ఫుట్‌పాత్, నలుపు తెలుపు పట్టీలు వేసిన కర్బ్ రాయి, దాని పక్కన అరిగిపోయిన తెల్ల గీత కనిపిస్తాయి. పని మొత్తం ఆ సందు మీదే ఆధారపడి ఉంటుంది. దానిని జూమ్ చేసి చూడకుండా, ఒక చోటి ముక్కను మరో చోట అతికించే క్లోన్ బ్రష్ పట్టుకునేవారు మొదటి నిమిషంలోనే దారి తప్పుతారు.

అన్నిటికంటే ముందు లెన్స్ వంపును, నిలువు గీతల వాలును సరిచేయాలి. వైడ్ లెన్స్‌తో తీసిన ఫొటోలో అంచుల దగ్గర కర్బ్ విల్లులా వంగి ఉంటుంది కనుక, దాని మీద తిన్నని రాయిని అతికిస్తే ఒక కొసన కలిసి మరో కొసన విడిపోతుంది. ఆ తరువాత కర్బ్ పై అంచును, కింది అంచును, తెల్ల గీతను పొడిగిస్తే మూడూ దూరాన ఒకే బిందువు దగ్గర కలవాలి. భవనం వీధికి సమాంతరంగా ఉంటే గోడ మీది అడ్డ పట్టీలు, కిటికీల కింది అంచులు కూడా అక్కడికే చేరతాయి కాబట్టి, కర్బ్ ఎక్కువగా దాగి ఉన్నా ఆ బిందువును గోడే చూపిస్తుంది.

పట్టీల దగ్గరే చాలామంది చేతులెత్తేస్తారు. దూరం వెళ్లే కొద్దీ పట్టీ పొట్టిగా కనిపించాలి, ఆ తగ్గుదల కంటి అంచనాకు దొరకదు. సందులో పూర్తిగా కనిపించే ఒక నలుపు, ఒక తెలుపు పట్టీని కలిపి ఒక జతగా తీసుకోవాలి. కర్బ్ రాయి ఎత్తు మరీ తక్కువ కనుక, జత మొదట్లో కర్బ్ కింది అంచు నుంచి మనిషి ఎత్తు నిలువు గీత ఒకటి గీసి, దాని పై కొస నుంచీ, నడుమ నుంచీ ఆ దూరపు బిందువుకు రెండు గీతలు లాగాలి. జత చివర మరో నిలువు గీత నిలబెట్టాలి. ఇప్పుడు మొదటి నిలువు గీత పై కొస నుంచి, రెండో దాన్ని నడిమి గీత కోసిన చోటు గుండా ఒక ఏటవాలు గీత వేస్తే, అది కర్బ్ కింది అంచును ఎక్కడ తాకుతుందో అక్కడే తరువాతి జత ముగుస్తుంది. ఇలా ఒక్కో జతనూ కొలుచుకుంటూ పోతే, నాలుగో కారు అవతల బయటపడే అసలు పట్టీతో మన లెక్క కలవాలి. కలవకపోతే తప్పు మన గీతల్లోనే ఉందనుకోవాలి తప్ప, ఆ అసలు పట్టీని సాగదీసి సర్దకూడదు.

రోడ్డు ఉపరితలానికి, దూరాన్ని బట్టి ముక్క సైజు మార్చి అతికించే ఫొటోషాప్‌లోని Vanishing Point ఫిల్టర్ చాలావరకు సరిపోతుంది. ముందుగా ఖాళీ లేయర్ తీసుకుని అందులో పని చేయాలి. ఫిల్టర్‌లో రోడ్డు మీద నాలుగు మూలలు గుర్తు పెట్టగానే వచ్చే గీతల వల నీలంగా ఉంటే సరే, ఎరుపో పసుపో అయితే మూలలు తప్పాయని అర్థం. తారులోని కంకర గింజలు కెమెరాకు దగ్గర పెద్దవిగా, దూరాన సన్నగా కనిపిస్తాయి కనుక, దగ్గరి ముక్కను దూరానికి తీసుకెళ్లి కుదించడం ఫరవాలేదు కానీ, దూరపు ముక్కను ముందుకు తెచ్చి పెద్దది చేస్తే అలుక్కుపోయినట్టు ఉంటుంది. తెల్ల గీతను కొత్తగా గీయడం మరో తప్పు. సందులోని గీత అక్కడక్కడ పెచ్చులూడి ఉన్నప్పుడు, పక్కనే నిన్న వేసినట్టు మెరిసే గీత కనిపిస్తే ఎవరైనా పట్టేస్తారు.

కారు పోయినా దాని నీడ ఉండిపోవడం మరీ తరచుగా చూస్తున్నాను. టైర్ల కింద ఉండే చిక్కటి నలుపు, రోడ్డు మీద పరచుకున్న పలచటి నీడ, ఎర్ర కారు వల్ల గోడ అడుగుకు అంటిన ఎరుపు ఛాయ, భవనం కిటికీ అద్దాల్లో కారు ప్రతిబింబం, ఈ నాలుగూ కారుతోపాటే పోవాలి. చెట్టు నీడ మాత్రం తెగకుండా రోడ్డు మీదుగా కర్బ్ ఎక్కి, అక్కడ మడత పడి ఫుట్‌పాత్ మీదికి సాగాలి. పని అయ్యాక పైన ఒక Curves లేయర్ పెట్టి కాంట్రాస్ట్ విపరీతంగా పెంచితే, రెండుసార్లు అతికిన ఒకే ప్యాచీ, మిగిలిపోయిన నీడ అంచూ బయటపడతాయి.

ఇక నా అసలు పట్టింపు గోడ అడుగు గురించి. కర్బ్ ఒకే కొలతలో సాగుతుంది కాబట్టి దాన్ని లెక్కతో తిరిగి కట్టవచ్చు. కారు వెనక దాగిన మెట్టు, పునాది రాళ్ల వరస, గోడకు వేసిన జాలీ లెక్కకు దొరకవు. వాటి కోసం అదే వెలుతురులో, అదే ఎత్తు నుంచి, కార్ల సందుల్లోంచి మరికొన్ని ఫొటోలు తీసుకోవాలి, లేదా కార్లు రాకముందు తెల్లవారుజామున మళ్లీ వెళ్లాలి, అయితే అప్పుడు నీడల దిక్కు మారుతుంది కనుక ఆ ఫొటోను ఆకారం తెలుసుకోవడానికే వాడుకోవాలి. అదీ వీలుకాని చోట కారును అలాగే ఉంచేయమంటాను. లేని మెట్టును గీసిన ఫొటోను రేపు ఎవరో మరమ్మతు పనికి ఆధారంగా చూపిస్తే ఆ తప్పు రాయిలోకి ఎక్కుతుంది. అందుకే ఫొటో కింద ‘కార్లు తొలగించాం, కర్బ్, రోడ్డు గీతలు తిరిగి కట్టినవి’ అని రాసి, అసలు ఫైలును విడిగా దాచి పెట్టండి.