మూడో ప్రాసెస్‌ను ఆపండి, ఉన్న ర్యామ్ చాలుతుంది

సర్వర్ కదలడం లేదు, సీపీయూ మాత్రం ముప్పావు వంతు ఖాళీగా ఉంది. ఖాళీ ఉంది కదా అని ఇంకో పని ఎక్కిస్తే ఉన్న పనులూ ఆగిపోతాయి. 1960లలో, ఒకేసారి పలు ప్రోగ్రాములను మెమరీలో ఉంచి నడిపే మల్టీప్రోగ్రామింగ్ మొదలైన కొత్తలో ఆపరేటింగ్ సిస్టమ్‌లే స్వయంగా ఈ తప్పు చేసేవి. ఇలా మెషిన్ కాలమంతా పేజీలనే చిన్న మెమరీ ముక్కలను డిస్క్ నుంచి తెచ్చుకోవడంలో, పారేసుకోవడంలో కరిగిపోవడమే థ్రాషింగ్. దానికి కారణాన్నీ మందునూ కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ డెన్నింగ్ 1968లోనే రాసిపెట్టారు. మెమరీ చాలనప్పుడు అందరికీ తలా కాస్త తగ్గించకూడదు, ఒకరిని పూర్తిగా ఆపాలి. ఈ ఒక్క సూత్రాన్ని ఈనాటి సిస్టమ్‌లు పాటించడం లేదనేదే నా ఫిర్యాదు.

తలా కాస్త తగ్గించడం న్యాయంగానే కనిపిస్తుంది. ఒక్కో పేజీ పట్టే ర్యామ్ గడులైన ఫ్రేములు పది శాతం తగ్గితే, కావాల్సిన పేజీ ర్యామ్‌లో లేక తేవాల్సి వచ్చే పేజ్ ఫాల్ట్‌లూ ఆ మేరకే పెరుగుతాయని మనసులో ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క తప్పు. ఎందుకు తప్పో ఈ చిన్న లూపు చూపిస్తుంది.

```c
int a[1024][1024];
for (j = 0; j < 1024; j++)
    for (i = 0; i < 1024; i++)
        s += a[i][j];
```

ఒక `int` 4 బైట్లు. 1024 `int`లున్న ఒక వరుస 4096 బైట్లు, అంటే సరిగ్గా ఒక పేజీ. మొత్తం మ్యాట్రిక్స్ 1024 పేజీలు. లూపు నిలువుగా నడుస్తోంది కాబట్టి ప్రతి అడుగుకూ కొత్త పేజీ కావాలి. 1024 అడుగులయ్యాక మళ్లీ మొదటి పేజీకి వస్తుంది.

దీనికి 1024 ఫ్రేములిస్తే మొదటి నిలువు వరుసలో 1024 ఫాల్ట్‌లు పడతాయి. ఆ తర్వాత చివరిదాకా ఒక్కటీ పడదు. ఇప్పుడు ఒకే ఒక్క ఫ్రేము తగ్గించి 1023 ఇచ్చి చూడండి. చాలాకాలంగా వాడని పేజీని తీసేసే ఎల్ఆర్‌యూ పద్ధతి నడుస్తోందనుకుందాం. చివరి పేజీ లోపలికి రావాలంటే ఒకటి బయటికి పోవాలి. అన్నిటికంటే ముందు వాడింది మొదటి పేజీ, కాబట్టి అదే పోతుంది. మరుక్షణమే లూపు అడిగేది ఆ మొదటి పేజీనే. దాన్ని తేవడానికి రెండోది పోతుంది, వెంటనే రెండోది కావాల్సి వస్తుంది. ఇలా 10,48,576 అడుగులకూ 10,48,576 ఫాల్ట్‌లు. 1023 ఇచ్చినా 500 ఇచ్చినా అంతే. ఒక ఫ్రేము కోత ఫాల్ట్‌లను 1024 రెట్లు చేసింది.

నిజం ప్రోగ్రాముల్లో ఒకే లూపు ఉండదు, కెర్నల్ పక్క పేజీలను ముందే తెచ్చిపెడుతుంది, లినక్స్ నడిపేది అచ్చమైన ఎల్ఆర్‌యూ కూడా కాదు. అందువల్ల ఈ కొండ అంచు కాస్త ఒరిగి వంపుగా మారుతుంది. కానీ ఫ్రేముల సంఖ్యను అడ్డంగా, ఫాల్ట్ రేటును నిలువుగా పెట్టి గీత గీస్తే ఆ వంపు మాత్రం కనిపిస్తుంది. దానికి కుడివైపు ఎన్ని ఫ్రేములిచ్చినా పెద్ద లాభం లేదు. ఎడమవైపు కొద్దిగా జారినా పని ఆగిపోతుంది. వర్కింగ్ సెట్ పరిమాణం ఉండేది ఈ వంపు దగ్గరే.

డెన్నింగ్ నిర్వచనం ప్రకారం ఒక ప్రాసెస్ గత Δ కాలంలో తాకిన పేజీల సమూహమే దాని వర్కింగ్ సెట్. ఈ Δ గోడ గడియారం కాలం కాదు, ప్రాసెస్ సొంతంగా నడిచిన కాలం. పై లూపుకు Δను 1024 అడుగులుగా పెడితే వర్కింగ్ సెట్ 1024 పేజీలు. 500 అడుగులుగా పెడితే 500 పేజీలే అని కొలత చెబుతుంది. ఆ మాట నమ్మి 500 ఫ్రేములిస్తే ప్రతి అడుగూ ఫాల్టే. ఇక రెండు `for` వరుసల స్థానాలు మార్చి అడ్డంగా నడిపితే, అదే 1024 అడుగుల Δలో వర్కింగ్ సెట్ రెండు పేజీలు దాటదు. డేటా అదే, జవాబు అదే, అవసరం 1024 పేజీల నుంచి రెండుకు దిగింది. ప్రోగ్రాము ఎంత మెమరీ పట్టుకుని కూర్చుందన్నది దాని అవసరం గురించి ఏమీ చెప్పదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు వాదనకు వద్దాం. పై లూపునే నిలువుగా నడిపే ప్రాసెస్‌లు మూడున్నాయి. మూడూ మూడు వేర్వేరు ఫైళ్ల నుంచి మ్యాట్రిక్స్ చదువుతున్నాయి. డేటాకు మిగిలినవి 2500 ఫ్రేములు, అంటే దాదాపు 10 ఎంబీ. మొత్తం అవసరం 3072. సమానంగా పంచితే తలా 833 వస్తాయి. మూడూ వంపుకు ఎడమన పడ్డాయి, మూడింటికీ అడుగడుగునా ఫాల్టే. ఎస్ఎస్‌డీ ఒక ఫాల్ట్‌ను 100 మైక్రోసెకన్లలో తీరుస్తుందనుకుందాం. మూడు ప్రాసెస్‌లకూ సమాంతరంగా తీర్చినా ఒక్కోదానికి 105 సెకన్ల నిరీక్షణ. అదే ఒకదాన్ని ఆపేస్తే మిగిలిన రెండింటికీ 2048 ఫ్రేములు దొరుకుతాయి, ఇంకా కొన్ని మిగులుతాయి కూడా. వాటి ఫాల్ట్‌ల నిరీక్షణ ఒక సెకనులో పదో వంతు. అవి ముగిశాక మూడోదానికి మరో పదో వంతు. ఆపిన ప్రాసెస్ కూడా, ఆపకుండా నడిపిన దానికంటే ఎంతో ముందు పూర్తయింది! వంద విస్తళ్లున్న చోట నూటయాభై మందిని కూర్చోబెట్టరు, యాభై మందిని రెండో బంతికి ఆగమంటారు. పెళ్లి భోజనాల్లో అందరికీ తెలిసిన పద్ధతే ఇది.

దీనికి ఎదురుగా వినిపించే మాట ఒకటుంది: ర్యామ్ చవక, ఎస్ఎస్‌డీ వేగం, ఈ 1968 నాటి గొడవ ఇప్పుడెందుకు? ఎస్ఎస్‌డీ వేగమే, కాదనను. కానీ మెమరీ యాక్సెస్ 100 నానోసెకన్లు, ఫాల్ట్ 100 మైక్రోసెకన్లు అనుకున్నా తేడా వెయ్యి రెట్లు. నెమ్మది పది శాతం మించకూడదంటే పదివేల యాక్సెస్‌లకు ఒకటి మించి ఫాల్ట్ పడకూడదు. ఇక ర్యామ్ సంగతి. 256 జీబీ మెషిన్ మీద కూడా కంటెయినర్‌కు 512 ఎంబీ పరిమితి పెట్టేది మనమే. ఆ కంటెయినర్ లోపలి వాళ్లకు ఫ్రేములు ఆ 512 ఎంబీలోవే.

మరి లినక్స్ ఏం చేస్తుంది? కొలత విషయంలో దాన్ని మెచ్చుకోవాలి. బయటికి పంపిన పేజీ ఎంత త్వరగా తిరిగొచ్చిందో ఫైల్ పేజీలకు 2014లో వచ్చిన 3.15 వెర్షన్ నుంచి, హీప్, స్టాక్ పేజీలకు 5.9 నుంచి లెక్కిస్తోంది. `/proc/vmstat`లోని `workingset_refault_file`, `workingset_refault_anon` అంకెలు దాని ఫలితమే. 4.20 వెర్షన్‌తో `/proc/pressure/memory` వచ్చింది. మెమరీ కోసం ఆగడంలో ఎంత శాతం కాలం పోయిందో అది నేరుగా చెబుతుంది. అందులో `full` వరుస విలువ నిలకడగా పెరుగుతోందంటే పని చేయగలిగినవాళ్లంతా మెమరీ కోసమే నిలబడ్డారని అర్థం. ఇంత తెలిసి కూడా కెర్నల్ తనంతట తాను ఏ ప్రాసెస్‌నూ తాత్కాలికంగా ఆపదు. అందరి నుంచీ పేజీలు లాగుతూనే ఉంటుంది, ఇక లాగడానికి ఏమీ దొరకనప్పుడు ఒకరిని చంపుతుంది. లాగిన పేజీ మరుక్షణం తిరిగొస్తున్నా ఏదో దొరుకుతూనే ఉంది కాబట్టి ఆ చంపడం కూడా ఆలస్యంగానే జరుగుతుంది. ఆపితే పని ఆలస్యమవుతుంది, చంపితే చేసిన పనంతా పోతుంది. ఈ రెండూ ఒకటే అన్నట్టు ఎందుకు నడుచుకుంటున్నాం?

ర్యామ్‌లోంచి దించిన పేజీలను దాచే చోటైన స్వాప్ తీసేస్తే థ్రాషింగ్ పోతుందన్న నమ్మకం కూడా వదులుకోవాలి. స్వాప్ లేకపోతే ప్రోగ్రాముల హీప్, స్టాక్ పేజీలు కదలవు. అప్పుడు కెర్నల్ చేతికి చిక్కేవి ఫైల్ పేజీలు, వాటిలో నడుస్తున్న ప్రోగ్రాముల కోడ్ కూడా ఉంటుంది. కోడ్ పేజీని పారేసి మళ్లీ డిస్క్ నుంచి చదవడం మొదలవుతుంది. `vmstat 1`లో స్వాప్ నుంచి రాకను చూపే `si`, స్వాప్‌కు పోకను చూపే `so` రెండూ సున్నా చూపిస్తాయి, మెషిన్ మాత్రం బిగుసుకుపోతుంది. ఆ పూట చూడాల్సింది డిస్క్ నుంచి చదివింది చెప్పే `bi`, డిస్క్ కోసం ఆగింది చెప్పే `wa`, వాటితో పాటు `/proc/vmstat`లోని `pgmajfault`. స్వాప్ ఉన్నప్పుడు `so` ఒక్కటే కాసేపు పెరిగితే కంగారు అక్కర్లేదు, వాడని పేజీలు పోతున్నాయంతే. `si`, `so` రెండూ కలిసి ఆగకుండా నడుస్తూ, ప్రోగ్రాములు వాడే సీపీయూను చూపే `us` పడిపోతేనే అది థ్రాషింగ్. పేజీలను కుదించి ర్యామ్‌లోనే దాచే జెడ్‌ర్యామ్ వాడే చోట `wa` పెరగదు, కుదించి విప్పే పని సీపీయూదే కాబట్టి కెర్నల్ వాడకం చూపే `sy` పెరుగుతుంది.

ఇదే జబ్బు క్లస్టర్ల స్థాయికీ పాకింది. కుబర్నెటిస్‌లో మనం గ్రాఫులు గీసుకునే `container_memory_working_set_bytes` నిజానికి మొత్తం వాడకం నుంచి ఇనాక్టివ్ ఫైల్ పేజీలను తీసేస్తే వచ్చే అంకె. అందులో Δ లేదు. వారం క్రితం ఒకసారి తాకి వదిలేసిన హీప్ పేజీ కూడా స్వాప్ లేనిచోట అందులోనే ఉంటుంది. నోడ్‌లో మెమరీ తక్కువైందా, ఎవరిని గెంటాలి అని ఆ నోడ్‌ను చూసుకునే కుబ్‌లెట్ తేల్చుకునేది ఈ లెక్క ఆధారంగానే. పైగా స్వాప్ ఆన్‌లో ఉంటే కుబ్‌లెట్ డిఫాల్ట్‌గా మొదలే కాదు. అంటే ఆపి పక్కన పెట్టే దారిని ముందే మూసేసి, పట్టుకున్న మెమరీని చూసి అవసరాన్ని ఊహిస్తున్నాం.

నిజమైన అవసరానికి దగ్గరగా వెళ్లే కొలత లినక్స్‌లో ఉంది. రూట్‌గా ఇలా చేయాలి:

```sh
echo 1 > /proc/PID/clear_refs
sleep 10
grep Referenced /proc/PID/smaps_rollup
```

మొదటి వరుస ఆ ప్రాసెస్ పేజీల మీదున్న ‘తాకారు’ గుర్తులన్నిటినీ చెరిపేస్తుంది. పది సెకన్లలో మళ్లీ ఎన్ని కిలోబైట్ల పేజీలు తాకిందో చివరి వరుస చెబుతుంది. ఇక్కడ Δ గోడ గడియారం మీద పది సెకన్లు. అందువల్ల మెషిన్ థ్రాషింగ్‌లో ఉన్నప్పుడు కొలిస్తే మోసపోతారు. ప్రాసెస్ ఎక్కువ సేపు ఫాల్ట్‌ల కోసం ఆగే ఉంటుంది కాబట్టి తక్కువ పేజీలే తాకుతుంది, చిన్న అంకె వస్తుంది. పని సాఫీగా సాగుతున్న వేళే కొలిచి రాసిపెట్టుకోవాలి. పది, ముప్ఫై, అరవై సెకన్లకు విడివిడిగా కొలవండి. అంకె పెరగడం ఎక్కడ నెమ్మదిస్తుందో అక్కడి విలువ తీసుకోండి. ఆ గుర్తులు కెర్నల్‌కూ కావాలి, కాబట్టి దీన్ని నిమిషానికోసారి నడిపే స్క్రిప్టుగా మార్చకండి.

అంకెలు చేతికొచ్చాక కూడిక చేయండి. ఆ మొత్తం చేతిలో ఉన్న ర్యామ్‌ను మించితే, ఆలస్యమైనా ఫరవాలేని బ్యాచ్ పని ఒకటి ఎంచుకుని `kill -STOP PID` ఇవ్వండి. కంటెయినరైతే దాని `cgroup.freeze` ఫైల్‌లో 1 రాయండి. ఆగిన ప్రాసెస్ ఏ పేజీనీ తాకదు, మిగతావాళ్లకు కావాల్సినకొద్దీ కెర్నల్ దాని పేజీలను స్వాప్‌కు పంపేస్తుంది. ఇది జరగాలంటే స్వాప్ ఉండాలి, అది కూడా ఆపిన ప్రాసెస్ హీప్ మొత్తం పట్టేంత. `full` విలువ సున్నాకు దిగగానే తొందరపడి `kill -CONT` ఇవ్వకండి. ముందు రాసిపెట్టుకున్న వర్కింగ్ సెట్ అంకెతో `free`లోని `available`ను పోల్చండి. అది పట్టేంత చోటు ఏర్పడ్డాకే వదలండి, లేదంటే రెండు నిమిషాల్లో మళ్లీ మొదటికొస్తారు.