పదకొండు చీటీలు, ముగ్గురు విజేతలు

మా తిరుపతి ఆఫీసులో మేము పదకొండుగురం. ఏటా ఒక ఆదివారం విహారయాత్రకు వెళ్లడం ఆనవాయితీ కాగా, ఎక్కడికి వెళ్లాలన్నది తేలేలోపు సగం మందికి మిగతా సగం మందితో మాటలు లేకుండా పోవడమూ ఆనవాయితీయే. ఈసారి ఆ గొడవ లేకుండా ఓటింగు పెడదామని సూపరింటెండెంటు గారు సెలవిచ్చి, లెక్కలు వచ్చినవాణ్ణన్న నెపంతో ఆ బాధ్యతను నా నెత్తిన పెట్టారు.

చేతులెత్తమంటే ఐదుగురు కుర్రాళ్లు జలపాతంలో తడవడానికి తలకోన అన్నారు. నలుగురు పెద్దలు చల్లదనం కోసం హార్స్‌లీ హిల్స్ కోరారు. క్యాషియరు గారూ నేనూ మాత్రం చంద్రగిరి కోటకు ఎత్తాము. తలకోన గెలిచిందని కుర్రాళ్లు ఈల వేయగానే, మిగిలిన ఆరుగురికీ తలకోన అన్నిటికన్నా ఇష్టంలేని చోటని బయటపడింది. అంటే ఎక్కువమందికి గిట్టనిది ఎక్కువ ఓట్లతో నెగ్గిందన్నమాట. ఇష్టమైనదాన్ని ఒక్కటే అడిగే పద్ధతిలో, గిట్టనిది ఏదో చెప్పుకోవడానికి చోటుండదు.

అందుచేత మూడింటినీ ఇష్టం కొద్దీ వరుసగా రాసిమ్మని అందరికీ చీటీలు పంచాను. ఐదు చీటీల్లో తలకోన, చంద్రగిరి, హార్స్‌లీ అనీ, నాలుగింటిలో హార్స్‌లీ, చంద్రగిరి, తలకోన అనీ, రెండింటిలో చంద్రగిరి, హార్స్‌లీ, తలకోన అనీ ఉంది. ఎలా లెక్కిస్తానో ముందుగా చెప్పకుండా చీటీలు తీసుకోవడం నేను చేసిన మొదటి తప్పు.

తక్కువ ఓట్లొచ్చిన చంద్రగిరిని తొలగించి, దాని రెండు చీటీలను వాటిలోని రెండో ఇష్టానికి బదిలీ చేయాలని హార్స్‌లీ వర్గం వాదించింది. అలా చేస్తే ఆరు, ఐదుగా హార్స్‌లీ గెలుస్తుంది. మొదటి స్థానానికి రెండు మార్కులు, రెండో స్థానానికి ఒకటి, చివరిదానికి సున్నా వేయాలని క్యాషియరు గారు అన్నారు. అది 18వ శతాబ్దపు ఫ్రెంచి పండితుడు బోర్దా పేరు మీద నడుస్తున్న పద్ధతి. అలా చేస్తే చంద్రగిరికి పదమూడు, మిగిలిన రెండింటికీ పదేసి వస్తాయి. చీటీలు అవే, మనుషులు వాళ్లే, లెక్క మారినప్పుడల్లా గెలిచే ఊరు మాత్రం మారుతోంది. ఎవరి ఊరు గెలిస్తే వారికి ఆ లెక్కే ధర్మంగా కనిపించింది. క్యాషియరు గారి ధర్మం నాకూ కనిపించిందని ఒప్పుకుంటున్నాను.

అంతలో ఒక కుర్రాడు లేచి, "రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరాలని ఒక రూలు పెట్టుకుందాం సార్" అన్నాడు. మదనపల్లె దాటి కొండెక్కి రావలసిన హార్స్‌లీ ఒక్కటే ఆ రూలుకు బలవుతుందని అందరికీ తెలుసు. "ఏమబ్బీ, పొద్దన గుర్తు రాలేదా ఈ రూలు?" అని పెద్దాయన ఒకరు గద్దించారు. నిజమే మరి, చీటీలు విప్పకముందు అడిగి ఉంటే న్యాయమైన షరతే, విప్పాక అడిగితే అది వేరే పేరు పెట్టుకున్న ఓటు.

చివరకు ఒక కాగితం మీద ఇలా రాసుకొని అందరమూ సంతకాలు చేశాము: ఉదయం ఆరుకు బయలుదేరి రాత్రి తొమ్మిదికల్లా తిరిగి రావాలి, మెట్లెక్కలేనివారు కింద కూర్చునే వీలుండాలి, మార్కుల పద్ధతిలోనే లెక్కించాలి, సమానమైతే ఆ రెండింటి మధ్యే మళ్లీ ఓటింగు జరపాలి. షరతులకు మూడూ నిలిచాయి. మర్నాడు కొత్త చీటీలు రాయాలని తీర్మానించాము. నా రెండో తప్పు ఇక్కడ ఉంది: పాత చీటీల లెక్క గోడ బోర్డు మీద అలాగే ఉండిపోయింది.

తన పద్ధతి నిజాయితీపరులకే పనికొస్తుందని బోర్దా అన్నాడని చెబుతారు. మా కుర్రాళ్లు నిజాయితీపరులే గానీ ఆ రాత్రి బోర్డు చూసి ఒక ఎత్తు వేశారు. చంద్రగిరి పదమూడుతో ముందుంది కాబట్టి తమ ఐదు చీటీల్లోనూ దాన్ని చివరికి తోసేస్తే ఎనిమిదికి పడిపోయి, పది మార్కుల తలకోన నెగ్గుతుందని వారి అంచనా. చంద్రగిరి ఖాళీ చేసిన రెండో స్థానంలోకి ఎవరు వచ్చి కూర్చుంటారన్నది మాత్రం ఎవరూ చూసుకోలేదు. మర్నాడు లెక్క తీస్తే చంద్రగిరికి ఎనిమిది, తలకోనకు పది, హార్స్‌లీకి పదిహేను వచ్చాయి. తమకు అసలు ఇష్టంలేని చోటుకు తామే ఐదు మార్కులు వేశామని గ్రహించిన కుర్రాళ్లు మరోసారి ఓటింగు పెట్టమన్నారు. నేను సంతకాల కాగితం చూపించాను.

ఆ ఆదివారం హార్స్‌లీ ఘాట్‌రోడ్డు మలుపుల్లో, ఆ ఎత్తు వేసిన కుర్రాడు కిటికీ పక్కన నిమ్మకాయ వాసన చూస్తూ కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ముందు సీటు నుంచి క్యాషియరు గారు వెనక్కి తిరిగి, "చంద్రగిరికైతే అర్ధగంటలో చేరి ఉందుము కదా నాయనా" అంటూ ఆ అబ్బాయికి మరో నిమ్మకాయ అందించారు.